కార్టిసాల్ తగ్గిందా, గడియారం మారిందా?

డాక్టరు గారికి నమస్కారం. నాకు 38 ఏళ్లు. నల్లగొండలో ఉంటాం. దేవరకొండ వైపు ఒక ఊళ్లో టీచర్‌ని, పొద్దున ఆరున్నరకే బస్సెక్కాలి. రెండేళ్లుగా పత్తి చేతికి రాక మా ఆయనకు అప్పులయ్యాయి. పాప ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఆరేళ్లుగా థైరాయిడ్‌కు థైరాక్సిన్ 75 వాడుతున్నాను. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు ‘అక్కా, నీకు కార్టిసాల్ ఎక్కువైంది’ అని టెస్టు చేయించాడు. పొద్దున ఎనిమిదింపావుకు 21.8 వచ్చింది. 300 మిల్లీగ్రాముల అశ్వగంధ మాత్రలు పంపాడు, రోజుకు రెండు వేసుకుంటున్నాను. అత్తమ్మ అంగట్లో తెచ్చిన అశ్వగంధ చూర్ణం రాత్రిపూట పాలల్లో ఒక చెంచా కలిపి ఇస్తుంది. తొమ్మిది వారాలైంది. మొన్న స్కూలు నుంచి వచ్చాక సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ టెస్టు చేయిస్తే 8.6 వచ్చింది. అరవై శాతం తగ్గిందని తమ్ముడు సంతోషపడ్డాడు. నిద్ర కూడా కొంచెం నయమే. కానీ మూడు వారాలుగా గుండె దడ, చేతుల వణుకు, ఊరికే చెమటలు. లోపల టెన్షన్ ఇంకా ఉందేమో, మాత్రలు మూడు చేయమని తమ్ముడు అంటున్నాడు. అసలు ఆపెయ్ అని మా ఆయన. నేనేం చేయాలి?
– ఒక టీచర్, నల్లగొండ

అమ్మా,

ముందుగా మూడో మాత్ర సంగతి. అది వద్దు. మిగతా విషయాలు మీరు ఆలోచించుకుని నిర్ణయించుకోవచ్చు గానీ, ఈ ఒక్కటి మాత్రం ఉత్తరం చదవడం పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా పక్కన పెట్టండి. ఎందుకో చెప్పాలంటే మీ చేతిలో ఉన్న రెండు ల్యాబ్ కాగితాల దగ్గర మొదలుపెట్టాలి.

కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోన్ రోజంతా ఒకే మట్టంలో ఉండే పదార్థం కాదు. అర్ధరాత్రి వేళ రక్తంలో అతి తక్కువగా ఉంటుంది. తెల్లవారుజామున రెండు మూడు గంటల నుంచి మెల్లగా పెరగడం మొదలవుతుంది. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో ఇంకొంచెం ఎగబాకుతుంది. ఎనిమిది గంటల ప్రాంతంలో బాగా ఎక్కువగా ఉండి, అక్కడి నుంచి సాయంత్రం దాకా దిగుతూ వస్తుంది. నాలుగు గంటలకు పొద్దున ఉన్నదానిలో సగమో, ఇంకా తక్కువో ఉండటం ఆరోగ్యంగా ఉన్న మనిషిలో మామూలు సంగతి. అందుకే చాలా ల్యాబులు పొద్దుటికి ఒక వరుస, సాయంత్రానికి ఇంకో వరుస వేరువేరుగా అచ్చువేస్తాయి. పొద్దుటికి డెసిలీటరుకు సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాముల వరకు, సాయంత్రానికి సుమారు 3 నుంచి 16 వరకు అని ఉంటుంది. ల్యాబును బట్టి ఈ అంకెలు కొద్దిగా మారతాయి. మీ 21.8 పొద్దుటి వరుసలోనే ఉంది. మీ 8.6 సాయంత్రపు వరుసలోనే ఉంది. అంటే మొదటిసారి మీకు కార్టిసాల్ ఎక్కువగా లేదు, రెండోసారి అది అరవై శాతం తగ్గనూ లేదు. మాత్రలు ఒక్కటీ మింగకపోయినా సాయంత్రం నాలుగున్నరకు మీకు ఇంచుమించు ఇదే అంకె వచ్చి ఉండవచ్చు.

తమ్ముడి మీద కోపం తెచ్చుకోకండి. అక్క మీద ప్రేమతోనే చేశాడు. కాకపోతే ఆ అరవై శాతమే అతనికి అనుమానం రావాల్సిన అంకె. అశ్వగంధ మీద ఎక్కువగా చెప్పుకునే పరీక్ష హైదరాబాద్‌లోనే జరిగింది, 2012లో ప్రచురించారు. 64 మందిని తీసుకుని, సగం మందికి మీరు వేసుకుంటున్నట్టే 300 మిల్లీగ్రాముల వేరు సారం రోజుకు రెండుసార్లు, మిగతా సగం మందికి చూడటానికి అలాగే ఉండే మందు లేని మాత్ర ఇచ్చారు. అరవై రోజుల తర్వాత అశ్వగంధ వాడినవాళ్లలో రక్తంలోని కార్టిసాల్ సగటున 27.9 శాతం తగ్గింది. మందు లేని మాత్ర వాడినవాళ్లలో కూడా 7.9 శాతం తగ్గింది. ఇప్పుడు మీ అంకెకు ఇదే లెక్క వేద్దాం. అదే ఎనిమిదింపావుకు మళ్లీ సూది గుచ్చి ఉంటే, ఆ పరీక్షలో సగటు మనిషిలాగే మీ ఒళ్లు కూడా స్పందించి ఉంటే, 21.8 కాస్తా 15.7 దగ్గరికి వచ్చేది. ఉత్తి మాత్ర వేసుకుని ఉంటే 20 దగ్గర ఆగేది. అశ్వగంధ చేసిందని చెప్పుకోగల తేడా ఆ రెంటికీ మధ్య ఉన్న నాలుగు చిల్లర మాత్రమే. ముందురోజు రాత్రి సరిగా నిద్ర పట్టకపోయినా, బస్సు దొరక్క పరుగెత్తినా, సూదంటే భయపడినా ఒక మనిషిలో ఆ మాత్రం తేడా వచ్చేస్తుంది. అరవై నాలుగు మంది సగటులో కనిపించే తేడాను ఒక్క మనిషి రెండు టెస్టుల్లో వెతకడం కుదరదు, అందులోనూ వేళలు వేరైనప్పుడు అసలే కుదరదు.

అయితే మందు పని చేయదని నేను చెప్పడం లేదు. మీకు నిద్ర నయమైంది, దాన్ని నేను కొట్టిపారేయను. అది ఎలా జరిగి ఉండవచ్చో చెబుతాను. ఆ దారి తెలిస్తేనే మీ దడ ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించడం తేలికవుతుంది.

సాగర్ ఎడమ కాలువ కింద నీళ్లు వదిలే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. పైనుంచి ఆర్డరు వస్తుంది, అది ఇంజినీరు దగ్గరికి చేరుతుంది, ఆయన చెబితే లస్కరు తూము ఎత్తుతాడు. చివరి పొలాలు తడిశాయని కబురు పైకి వెళ్తే ఆర్డరు ఆగుతుంది. మన ఒంట్లో టెన్షన్ హార్మోన్ల దారి కూడా ఇలాంటిదే. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చిన్న భాగం సీఆర్‌హెచ్ అనే కబురు పంపుతుంది. దాని కిందే వేలాడే పిట్యూటరీ గ్రంథి అది అందుకుని ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. అది మూత్రపిండాల పైన టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల దాకా వెళ్తే, అవి తూము ఎత్తినట్టు కార్టిసాల్ వదులుతాయి. ఆ కార్టిసాల్ రక్తంలో తిరుగుతూ మళ్లీ మెదడుకు చేరి ‘ఇక చాలు’ అని చెబుతుంది. ఎక్కువ కాలం ఒత్తిడి ఉంటే ఆ ‘చాలు’ అనే మాటను పైవాళ్లు సరిగా వినిపించుకోరు, తూము అవసరానికి మించి తెరిచి ఉంటుంది. అశ్వగంధ ఈ దారిలో ఎక్కడో చెయ్యి పెడుతుందని పరిశోధకుల అనుమానం. ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న.

మీ మాత్రల డబ్బా మీద ‘విథనోలైడ్లు 5 శాతం’ అని ఉండే ఉంటుంది. 300 మిల్లీగ్రాములు మింగితే అందులో 15 మిల్లీగ్రాములు ఇవి, రోజుకు 30. మన ఊళ్లలో పెన్నేరు గడ్డ అని పిలిచే ఈ మొక్క వేరులో తయారయ్యే ఒక కుటుంబం పదార్థాలవి. వాటి అణువుల చట్రం స్టెరాయిడ్‌ను పోలి ఉంటుంది. కార్టిసాల్ చట్రమూ స్టెరాయిడే. రూపం దగ్గరగా ఉంది కాబట్టి, కార్టిసాల్ వెళ్లి కూర్చునే గ్రాహకం దగ్గర ఇవి కూడా తచ్చాడతాయేమో, ‘చాలు’ అనే మాట సరిగా వినబడేలా చేస్తాయేమో అని ఒక ఊహ. విథాఫెరిన్ ఏ అనే విథనోలైడ్ ఆ గ్రాహకాన్ని కణంలో నిలబెట్టే ఒక సహాయక ప్రోటీన్‌కు అతుక్కుంటుందని ల్యాబులో కణాల మీద చూశారు. కానీ గాజు పళ్లెంలోని కణాలకు ఇచ్చేంత మోతాదు మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండదు. అందుకని దీన్ని నేను ఊహగానే ఉంచుతాను.

రెండో ఊహ మెదడు వైపు నుంచి వస్తుంది. గాబా అని మెదడును నెమ్మదింపజేసే ఒక సంకేతం ఉంది. నిద్రమాత్రలు చాలావరకు దాని గ్రాహకాల మీదే పనిచేస్తాయి. అశ్వగంధ ఆ సంకేతానికి బలం ఇస్తే హైపోథాలమస్ పంపే కబుర్లు తగ్గుతాయి, కింద ఏసీటీహెచ్, దాని కింద కార్టిసాల్ వరసగా తగ్గుతాయి. నాకు ఎక్కువ నచ్చే వివరణ ఇదే. నిద్ర ముందు నయం కావడానికి కూడా ఇది సరిపోతుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, డబ్బాల మీద శాతం చూసి కొనే వాళ్లందరికీ అది తెలియాలి. 2015లో ప్రచురించిన ఒక ప్రయోగంలో అశ్వగంధ వేరును నీళ్లలో తీసిన సారం గాబా గ్రాహకాలను నిజంగానే కదిలించింది. విథాఫెరిన్ ఏ, విథనోలైడ్ ఏ అనే రెండు ముఖ్యమైన విథనోలైడ్లను విడిగా ఇచ్చి చూస్తే కదలిక రాలేదు. అంటే నెమ్మదింపజేసే పనిలో కొంతైనా వేరులోని ఇంకేవో పదార్థాలది కావచ్చు. 5 శాతం ఉన్న డబ్బా కన్నా 10 శాతం ఉన్న డబ్బా రెట్టింపు పని చేస్తుందని లెక్కేయడం అందుకే సరికాదు. మాత్రలు రెండు నుంచి మూడు చేస్తే టెన్షన్ ఒకటిన్నర రెట్లు దిగుతుందన్న లెక్క కూడా అంతే.

మూడోది మంట, వాపు వైపు. ఒంట్లో వాపు సంకేతాలు పెరిగితే అవి కూడా హైపోథాలమస్‌ను తడతాయి. విథనోలైడ్లు ఆ సంకేతాలను తగ్గిస్తాయని కణాల్లో, జంతువుల్లో చూశారు. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో ఎలుకల పాదాలకు మూడు వారాలపాటు సన్న కరెంటు షాకులిచ్చి చూస్తే, అశ్వగంధ తిన్న ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్, పొట్టలో పుండ్లు రెండూ తక్కువగా ఉన్నాయి. ఎలుకల్లో కార్టిసాల్ బదులు కార్టికోస్టిరాన్ ఉంటుంది, దారి మాత్రం అదే.

మనుషుల్లో ఈ మూడింటిలో ఏది నిజం? ప్రధానమైన పరీక్షల్లో చివరన వచ్చే కార్టిసాల్‌నే కొలిచారు గానీ, పైనుంచి దిగే కబుర్లను కొలవలేదు. తూము దగ్గర నీళ్లు తగ్గాయని తెలుసు, ఆర్డరు తగ్గిందా, లస్కరే చెయ్యి ఆపాడా అన్నది తెలియదు. 2019లో అరవై మంది మీద జరిగిన ఇంకో పరీక్ష ఒక చిన్న జాడ ఇచ్చింది. అందులో రోజుకు 240 మిల్లీగ్రాముల సారంతో పొద్దుటి కార్టిసాల్ 23 శాతం తగ్గింది. దాంతోపాటు డీహెచ్ఈఏ సల్ఫేట్ అనే ఇంకో అడ్రినల్ హార్మోన్ కూడా సుమారు 8 శాతం తగ్గింది. ఆ రెంటినీ కదిలించేది ఏసీటీహెచ్చే. రెండూ కలిసి దిగాయంటే పైనుంచి వచ్చే కబురే తగ్గి ఉండవచ్చు. జాడ అంటున్నాను, రుజువు అనడం లేదు.

ఇప్పుడు మీ దడ దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో అందరూ దాటేసిన మాట ‘థైరాక్సిన్ 75’. అశ్వగంధ కార్టిసాల్ దారిలోనే ఆగిపోదు. 2018లో ప్రచురించిన ఒక పరీక్షలో థైరాయిడ్ కొద్దిగా మందగించిన 50 మందిని తీసుకుని, సగం మందికి రోజుకు 600 మిల్లీగ్రాముల వేరు సారం ఎనిమిది వారాలు ఇచ్చారు. మీ మోతాదూ అదే, కాలమూ ఇంచుమించు అదే. వాళ్లలో థైరాయిడ్ హార్మోన్లు పెరిగాయి, థైరాయిడ్‌కు పని చెప్పే టీఎస్‌హెచ్ అనే పిట్యూటరీ హార్మోన్ తగ్గింది. వాళ్లకు అది మంచిదే, ఎందుకంటే వాళ్లకు హార్మోన్ తక్కువగా ఉంది. మీకు ఆ తక్కువను ఆరేళ్లుగా 75 మైక్రోగ్రాముల మాత్ర పూడుస్తోంది. నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే పొంగుతుంది. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, లోపల ఏదో పరుగు. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కనిపించే లక్షణాలు ఇవే. బయటి నుంచి చూస్తే అచ్చం టెన్షన్‌లాగే ఉంటాయి. పోల్చుకోవడానికి ఒక తేడా చెబుతాను. టెన్షన్ దడ ఏదో ఆలోచన వచ్చినప్పుడు లేచి, కాసేపటికి దిగుతుంది. థైరాయిడ్ దడ ప్రశాంతంగా కూర్చున్నా, నిద్రలో ఉన్నా వదలదు. పొద్దున లేవగానే మంచం మీదే మణికట్టు పట్టుకుని నిమిషంపాటు నాడి లెక్కపెట్టండి. రోజూ తొంభై దాటుతుంటే, ఆకలి ఉన్నా బరువు తగ్గుతుంటే, ఎండ ఇదివరకు కన్నా భరించలేనట్టుంటే థైరాయిడ్ వైపే నా అనుమానం బలపడుతుంది.

మీకు ఖాయంగా ఇదే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. రక్తమే చెబుతుంది. ఈ వారంలోనే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, వాటితోపాటు లివర్ పరీక్ష చేయించండి. ఆ రోజు పొద్దున థైరాక్సిన్ మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. ఇంకొక మాట, జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలేమైనా వాడుతున్నారా? వాడుతుంటే టెస్టుకు మూడు రోజుల ముందు నుంచి ఆపండి. కొన్ని ల్యాబు యంత్రాలను బయోటిన్ తప్పుదారి పట్టిస్తుంది. లేని థైరాయిడ్ ఎక్కువను చూపిస్తుంది, కార్టిసాల్‌ను కూడా ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించవచ్చు.

లివర్ పరీక్ష ఎందుకంటే, అశ్వగంధతో కొద్దిమందికి కామెర్లు వచ్చిన కేసులు మన దేశంతో సహా చాలా చోట్ల నమోదయ్యాయి. మొదలుపెట్టిన రెండు నుంచి పన్నెండు వారాల్లోపు ఎక్కువగా కనిపిస్తాయి, మీరు సరిగ్గా ఆ కాలంలోనే ఉన్నారు. చాలామంది మందు ఆపాక కోలుకున్నారు. అంతకుముందే లివర్ జబ్బు ఉన్నవాళ్లలో మాత్రం ప్రాణాల మీదికి వచ్చింది. ఒళ్లంతా దురద, మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం, అన్నం సహించకపోవడం. వీటిలో ఏది కనిపించినా టెస్టు రిపోర్టు కోసం ఆగకుండా మాత్ర ఆపి ఆస్పత్రికి వెళ్లండి.

అత్తమ్మ చూర్ణం గురించి నాకు ఎక్కువ బెంగగా ఉంది. ఆమె ప్రేమ మీద కాదు, ఆ పొట్లం మీద. వేరు పొడిలో విథనోలైడ్లు చాలావరకు అర శాతం లోపే ఉంటాయి. మూడు గ్రాముల చెంచాకు మహా అయితే 15 మిల్లీగ్రాములు. అది స్వచ్ఛమైన వేరైతే మీ రోజు మోతాదు 30 నుంచి 45కు పెరిగిందన్నమాట, ఎవరూ లెక్కపెట్టకుండానే. కానీ అంగట్లో పేరు, తయారీ తేదీ లేని పొట్లమైతే అందులో ఏముందో చెప్పలేం. ఒళ్లు నొప్పులకని అమ్మే చీటీ లేని పొడుల్లో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు కలిపి అమ్మే దొంగపని మన దేశంలో కొత్తది కాదు. అలాంటి పొడి తింటే మనిషికి హుషారుగా ఉంటుంది, ఆకలేస్తుంది, నొప్పులు పోతాయి. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తోందని మెదడు తన కబురు ఆపేస్తుంది కాబట్టి టెస్టులో కార్టిసాల్ చాలా తక్కువగా కూడా వస్తుంది. చూసేవాళ్లకు అది గొప్ప మందులా కనిపిస్తుంది. నిజానికి అడ్రినల్ గ్రంథులు పని మానేసి కూర్చుంటాయి. మీ సాయంత్రపు 8.6 మరీ పడిపోయిన అంకె కాదు, అది కొంత ధైర్యం ఇచ్చే సంగతే. అయినా పొట్లం మీద చీటీ ఉందో లేదో చూడండి. చీటీ లేని పొడిని నెలల తరబడి తిని ఉంటే మీ అంతట మీరు ఆపకండి. మొహం ఉబ్బడం, పొట్ట చుట్టూ కొవ్వు పెరగడం, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోవడం లాంటివి ఉంటే డాక్టరుకు చెప్పి, పొద్దున ఎనిమిదికి కార్టిసాల్ చూసుకుని, ఆయన చెప్పినట్టు ఆపాలి. మీది తొమ్మిది వారాలే, అలాంటి గుర్తులేవీ మీరు రాయలేదు. అందుకని మీ విషయంలో చూర్ణం ఆపేయవచ్చనే అనుకుంటున్నాను. ఆపాక లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు, మంచం దిగలేనంత నీరసం వస్తే మాత్రం వెంటనే చూపించుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, టెస్టుకు రక్తం ఇచ్చిన రోజే అశ్వగంధ మాత్ర, చూర్ణం రెండూ ఆపేయడం. థైరాక్సిన్ మాత్రం మానకండి, దాని మోతాదు మార్చేది మీ డాక్టరే. దడకు అశ్వగంధే కారణమైతే అది రేపటికల్లా పోదు. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, కాబట్టి రెండు మూడు వారాల్లో నెమ్మదిగా దిగుతుంది. ఆరు వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూస్తే మీ అసలు మట్టం తెలుస్తుంది. ఇందులో నష్టం, మీకు ఇప్పుడు దొరుకుతున్న కొద్దిపాటి నిద్ర కొన్ని రాత్రులు చెడవచ్చు. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ‘మాత్ర ఆపగానే కార్టిసాల్ పెరిగింది’ అని భయపడరు. నన్నడిగితే మీ లక్షణాలకు ఇదే దారి.

రెండోది, టెస్టుల్లో థైరాయిడ్, లివర్ రెండూ బాగుండి, దడకు వేరే కారణం దొరికితే. అప్పుడు నిద్ర కోసం మాత్ర కొనసాగించాలనుకుంటే నేను అడ్డు చెప్పను. చూర్ణం పూర్తిగా మాని, మాత్ర ఒక్కటే ఉంచండి. రోజుకు 600 మిల్లీగ్రాములు దాటవద్దు. డబ్బా మీద వేరు నుంచి తీసినదని రాసి ఉండాలి. ఆకులు వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లోనే తయారీదారులకు సూచించింది, ఎందుకంటే ఆకుల్లో విథాఫెరిన్ ఏ ఉండే మోతాదు వేరులో ఉన్నట్టు ఉండదు, ఆయుర్వేద శాస్త్రాల్లో చెప్పిన వాడకం కూడా వేరుదే గానీ ఆకులది కాదు. పరీక్షల్లో ఎక్కువ భాగం రెండు మూడు నెలలవే కాబట్టి పన్నెండు వారాలకు ఆపి చూడండి. ఆరు వారాలకోసారి టీఎస్‌హెచ్ తప్పదు. ఈ దారిలో ఖర్చూ, జాగ్రత్తా రెండూ ఎక్కువే.

మూడోది కొందరు రోగులు నన్ను అడిగేది. అశ్వగంధ ఉంచి థైరాక్సిన్ తగ్గిస్తే సరిపోదా అని. వినడానికి బాగుంటుంది గానీ నేను ఒప్పుకోను. థైరాక్సిన్ మాత్రలో 75 అంటే 75. అశ్వగంధ ఈ డబ్బాకూ వచ్చే డబ్బాకూ ఒకేలా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. కదిలే దాన్ని ఆనుకుని కదలనిదాన్ని సర్దితే, వచ్చే నెల మీకు మళ్లీ హార్మోన్ తక్కువై ఒళ్లు బరువెక్కవచ్చు.

కార్టిసాల్ టెస్టు మళ్లీ చేయించాలా అంటే, టెన్షన్ కొలవడానికైతే వద్దు. ఒంట్లో కార్టిసాల్ నిజంగానే అతిగా తయారయ్యే కుషింగ్ లాంటి జబ్బు అనుమానం ఉన్నప్పుడు డాక్టర్లు రాత్రి పదకొండుకు ఒక మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ ఇచ్చి, మర్నాడు ఎనిమిదికి కార్టిసాల్ అణిగిందో లేదో చూస్తారు. ‘చాలు’ అనే కబురు పైకి వినబడుతోందా అని పరీక్షించడమది. మీకు ఆ అవసరం కనిపించడం లేదు. మూడింటి మెలకువ కూడా కార్టిసాల్ రోగానికి గుర్తు కాదు. అప్పటికి హార్మోన్ లేవడం మొదలయ్యే వేళ, నిద్ర పలచబడే వేళ. అప్పుల ఆలోచన ఆ పలచని చోటునే పట్టుకుంటుంది. థైరాయిడ్ ఎక్కువైనా నిద్ర అక్కడే తెగుతుంది, అందుకే ముందు అది తేలాలి. టెస్టుకు పెట్టే డబ్బు బదులు రెండు వారాలు ఒక నోటుబుక్కులో ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, పొద్దుటి నాడి ఎంత అన్నవి రాయండి. మందు ఆపిన తేదీ కింద గీత గీయండి. ఆ గీతకు పైన, కింద ఏం మారిందో చూస్తే కార్టిసాల్ కాగితం కన్నా మీకూ, మీ డాక్టరుకూ ఎక్కువ తెలుస్తుంది.

ఇంట్లో మాట ఎలా చెప్పాలన్నది కూడా మీకు భారంగానే ఉండి ఉంటుంది. మీ ఆయనకు ‘మీరు చెప్పినట్టే ఆపుతున్నాను, టెస్టు మాత్రం చేయించాలి’ అని చెప్పండి. తమ్ముడికి రెండు కాగితాల మీద రక్తం తీసిన వేళలు చూపించండి, చదువుకున్నవాడు, అర్థం చేసుకుంటాడు. అత్తమ్మకు పాలు మానవద్దని చెప్పండి. రాత్రి గ్లాసు పాలు ఆమె చేతుల మీదుగానే తాగండి, పొడి లేకుండా. థైరాక్సిన్ పొద్దున పరగడుపున వేసుకుంటారు కాబట్టి రాత్రి పాలతో దానికేం ఇబ్బంది లేదు.

కూర్చుని ఉండగా నాడి 120 దాటినా, లయ తప్పి కొట్టుకుంటున్నట్టున్నా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా ఇవేవీ ఆలోచించకుండా ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లండి. మామూలుగా డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడైతే మాత్రల డబ్బా, చూర్ణం పొట్లం, థైరాక్సిన్ సీసా మూడూ సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. ‘ఇంకేమైనా వాడుతున్నారా’ అని అడిగితే చూర్ణాన్ని మందుల లెక్కలో చెప్పడం చాలామంది మరిచిపోతారు.